సిగ్నల్ దగ్గర స్టీరింగ్ ఎందుకు అదురుతుంది?

ఎర్ర లైటు పడి కారు ఆగింది. చక్రాలు కదలడం లేదు, ఏసీ నడుస్తోంది. అయినా స్టీరింగ్ అరచేతుల్లో సన్నగా అదురుతోంది, పక్కనున్న సీసాలో నీళ్ల మీద గీతలు గీతలుగా అలలు లేస్తున్నాయి. నా పాత డీజిల్ కారుకు ఇది మొదలైనప్పుడు, ముందుగా నాలుగు తలుపుల్లోనూ డాంపింగ్ షీట్లు వేయించాను. తలుపు దిట్టంగా మూసుకోసాగింది. వణుకు మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

తగ్గకపోవడానికి కారణం ఉంది. ఇంజిన్ చప్పుడు మన దగ్గరికి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి గాలి. రెండోది ఇనుము: ఇంజిన్ నుంచి ఛాసీకి, అక్కడి నుంచి సీటుకూ స్టీరింగుకూ. తలుపుల్లో ఎన్ని షీట్లు వేసినా ఈ రెండో దారి మూసుకోదు. ఆ దారికి కాపలా కాసేవి ఇంజిన్ మౌంటింగులు, అంటే ఇంజిన్‌కూ బాడీకీ మధ్య బిగించే మూడు నాలుగు రబ్బరు దిమ్మలు.

నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిలకడగా నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకోండి. చుట్టుకు రెండు సిలిండర్లు పేలతాయి కాబట్టి, సెకనుకు దాదాపు 27 దెబ్బలు. మరోపక్క, రబ్బరు మీద కూర్చున్న ఇంజిన్‌ను ఒకసారి తోసి వదిలేస్తే అది తన సొంత లయలో ఊగుతుంది, సెకనుకు 10 సార్లు అనుకుందాం. ఉయ్యాలను దాని లయకు తగ్గట్టు తోస్తే ఊపు పెరుగుతుంది. అంతకంటే బాగా వేగంగా తోస్తుంటే అది దాదాపు ఉన్నచోటే ఉంటుంది. మౌంటింగ్ పనిచేసేది ఈ కిటుకు మీదే. పై లెక్కన దెబ్బ బలంలో ఆరో వంతు మాత్రమే బాడీకి చేరుతుంది.

ఏళ్ల తరబడి వేడికి కాగి రబ్బరు బిగుసుకుపోయి, రెండింతలు గట్టిపడిందంటే సొంత లయ 14కు పెరుగుతుంది. అప్పుడు చేరేది ఐదింట రెండు వంతులు. నాలుగింతలు గట్టిపడితే లయ 20 అవుతుంది, ఆ మౌంటింగ్ వణుకును ఆపకపోగా పెంచి పంపుతుంది. మూడు సిలిండర్ల కార్లకు కష్టం ఇంకా ఎక్కువ. అదే 800 చుట్ల దగ్గర సెకనుకు 20 దెబ్బలే పడతాయి కాబట్టి, కొత్త మౌంటింగ్ మీద కూడా మూడో వంతు లోపలికి వస్తుంది.

అలాగైతే రబ్బరును ఇంకా మెత్తగా చేయొచ్చుగా అనిపిస్తుంది. చేస్తే గతుకు మీద ఇంజిన్ ఎగిరెగిరి పడుతుంది, క్లచ్ వదిలినప్పుడల్లా ఒక పక్కకు ఒరుగుతుంది. ఈ చిక్కును చాలా అందంగా విప్పింది ద్రవం నింపిన మౌంటింగ్. రబ్బరు లోపల రెండు గదులు, వాటి నిండా గ్లైకాల్ కలిసిన ద్రవం, నడుమ చుట్టు తిరిగిన సన్నని కాలువ, ఒక వదులు బిళ్ల ఉంటాయి. చిన్న వణుకైతే బిళ్లే అటూ ఇటూ ఆడి సర్దుకుంటుంది, మౌంటింగ్ మెత్తగా ఉంటుంది. పెద్ద కుదుపు వస్తే బిళ్ల ఆనుకుపోయి ద్రవం ఇరుకు కాలువలోంచి పోవాల్సి వస్తుంది. ఆ తోపులాటలో ఇంజిన్ ఎగురుడు అణిగిపోతుంది.

ఇంజిన్‌ను రబ్బరు మీద తేల్చడం పాత ఆలోచనే. 1931లో క్రైస్లర్ తన ప్లిమత్ కారులో దీన్ని ‘ఫ్లోటింగ్ పవర్’ పేరుతో తెచ్చింది. ఆ హక్కులు కొనుక్కున్న ఫ్రాన్స్ సిట్రోయెన్ తన కార్ల ముందు నీటిలో తేలే హంస బొమ్మ పెట్టింది.

నా కారు జబ్బు ఆటోనగర్‌లో ఒక మెకానిక్ ఐదు నిమిషాల్లో పట్టాడు. బానెట్ తెరిచి, హ్యాండ్ బ్రేక్ లాగి, నన్ను బ్రేకు గట్టిగా తొక్కమన్నాడు. “సార్, ఫస్ట్ గేర్ వేసి క్లచ్ కొంచెమే వదలండి. ఇప్పుడు రివర్స్.” తను కారుకు ఎదురుగా కాకుండా పక్కన నిలబడి చూశాడు. ఇంజిన్ కుడివైపు అంగుళానికి పైగా లేచి పడింది. విప్పిన మౌంటింగ్ కింద జిడ్డు నల్లగా కారి ఎండిపోయి ఉంది: ద్రవం ఎప్పుడో పోయింది. చవకలో దొరికే ఉత్త రబ్బరు దిమ్మ వద్దని తనే చెప్పాడు. అది ఇంజిన్ ఎగరడాన్ని ఆపుతుంది గానీ వణుకును నేరుగా లోపలికి పంపుతుంది.

కొత్తది వేశాక స్టీరింగ్ నిమ్మళించింది. అప్పటిదాకా వణుకు చాటున ఉండిపోయిన గాలి దారి చప్పుడు, పెడళ్ల వెనక నుంచి ఒక సన్నని హోరు, అప్పుడు వినబడింది. ఇంజిన్‌కూ మనకూ మధ్యనున్న రేకు గోడకు బరువైన పొర చప్పుడును అడ్డుకోవడానికి, ఫోమో ఫెల్టో దాన్ని పీల్చుకోవడానికి వేస్తారు. నేలకు అంటించే తారు షీటు పని వేరు, రేకు మోగకుండా చూడడం. అయితే ఆ గోడ విస్తీర్ణంలో నూటికి ఒక వంతు సందున్నా చాలు, మిగతా 99 వంతులు ఎంత మందంగా ఉన్నా చప్పుడు లోపలికి వచ్చేస్తుంది. హారన్ వైరు కోసం ఎవరో తొలిచిన బొటనవేలంత కన్నం అక్కడ కనబడింది. దానికో రబ్బరు గ్రోమెట్ తొడిగించాను.