మూల నుంచి మూలకు... టీవీ అసలు కొలత!

పాత 29 అంగుళాల డబ్బా టీవీ తీసేసి 32 అంగుళాల ఫ్లాట్ టీవీ గోడకు తగిలించిన చాలా ఇళ్లలో మొదటిరోజే ఓ సందేహం వచ్చింది. 'మూడు అంగుళాలు పెద్దది కొన్నాం కదా, వార్తలు చదివే అమ్మాయి మొహం చిన్నదయిందేంటి?' అని. దుకాణంవాడు మోసం చేశాడేమోనని అనుమానించినవాళ్లూ ఉన్నారు. మోసమేమీ లేదు. టీవీ సైజు అని మనం చెప్పుకునే అంకె వెడల్పూ కాదు, ఎత్తూ కాదు. తెర మీద ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఐమూలగా టేపు పట్టి కొలిచిన పొడవు. బడిలో లెక్కల మాస్టారు 'కర్ణం' అని చెప్పింది దీన్నే!

మొదట్లో టీవీ పిక్చర్ ట్యూబులు గుండ్రంగా ఉండేవి. గుండ్రటి వస్తువు సైజు చెప్పాలంటే వ్యాసం చెబితే చాలు. తర్వాత ట్యూబు ముఖం దీర్ఘచతురస్రంగా మారినా, ఒకే అంకెతో సైజు చెప్పే అలవాటు పోలేదు. వ్యాసం స్థానంలోకి కర్ణం వచ్చి కూర్చుంది. చిక్కల్లా ఏమిటంటే, కర్ణం ఒకటే అయినా తెర ఆకారం మారితే ఎత్తూ వెడల్పూ రెండూ మారిపోతాయి.

మేస్త్రీ లెక్కే!

ఆ ఆకారాన్ని చెప్పేదే నిష్పత్తి. డబ్బా టీవీల నిష్పత్తి 4:3. అంటే వెడల్పు నాలుగు భాగాలైతే ఎత్తు మూడు భాగాలు. పునాది తీసేటప్పుడు తాపీమేస్త్రీ ఏం చేస్తాడో చాలామంది చూసే ఉంటారు. ఒక వైపు మూడు అడుగులు, రెండో వైపు నాలుగు అడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా అయిదు అడుగులు వచ్చిందంటే మూల మట్టంగా ఉన్నట్టు. పాత టీవీ కూడా అంతే. కర్ణం అయిదు భాగాలు, వెడల్పు నాలుగు, ఎత్తు మూడు. కాబట్టి కర్ణాన్ని 0.8తో హెచ్చిస్తే వెడల్పు, 0.6తో హెచ్చిస్తే ఎత్తు వచ్చేస్తాయి.

ఇప్పటి టీవీల నిష్పత్తి 16:9. ఇక్కడ కర్ణం అంత తేలిగ్గా పూర్ణాంకంలో రాదు. 16ని 16తో హెచ్చిస్తే 256, 9ని 9తో హెచ్చిస్తే 81. రెండూ కలిపితే 337. దాని వర్గమూలం సుమారు 18.36. అంటే వెడల్పు 16 భాగాలు, ఎత్తు 9 భాగాలు అయితే కర్ణం 18.36 భాగాలన్నమాట. 16ని 18.36తో భాగిస్తే 0.87, 9ని భాగిస్తే 0.49. గుర్తుంచుకోవాల్సినవి ఈ రెండంకెలే. కర్ణంలో 87 శాతం వెడల్పు, 49 శాతం ఎత్తు.

ఇప్పుడు మొదటి సందేహానికి వద్దాం. 29 అంగుళాల డబ్బా టీవీలో ట్యూబు అంచులు కొంత పెట్టె లోపలే ఉండిపోయేవి. కంటికి కనిపించే తెర దాదాపు 68 సెంటీమీటర్లు. 0.6తో హెచ్చిస్తే ఎత్తు 41 సెంటీమీటర్లు. 32 అంగుళాల ఫ్లాట్ టీవీ తెర 80 సెంటీమీటర్లు. 0.49తో హెచ్చిస్తే ఎత్తు 39 మాత్రమే! వెడల్పు మాత్రం 54 నుంచి 70కి పెరిగింది. పెరిగిందంతా పక్కలకే. పైగా 4:3లో తీసిన పాత సీరియల్‌ని ఇందులో చూస్తే ఇరుపక్కలా నల్లటి పట్టీలు వచ్చి, బొమ్మ 52 సెంటీమీటర్ల వెడల్పుకే పరిమితమవుతుంది. అంటే పాత టీవీలో కన్నా చిన్నదే.

ఎందుకీ 16:9?

దీని వెనక అమెరికా ఇంజినీరు కెర్న్స్ పవర్స్ ఉన్నారు. 1980లలో కొత్తతరం టీవీకి ఏ ఆకారం ఉండాలన్న చర్చ జరిగినప్పుడు, వాడుకలో ఉన్న సినిమా, టీవీ నిష్పత్తులన్నిటికీ ఒకే వైశాల్యం ఉండేలా దీర్ఘచతురస్రాలు గీసి, మధ్యబిందువు కలిసేలా ఒకదానిమీద ఒకటి పేర్చారాయన. అవన్నీ ఇమిడే బయటి చట్రం నిష్పత్తి, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లోపలి భాగం నిష్పత్తి... రెండూ సుమారు 1.78 వచ్చాయి. అదే 16:9. ఎవరికీ పూర్తిగా నప్పదు, ఎవరికీ మరీ అన్యాయం జరగదు. మధ్యేమార్గం!

అందుకే సినిమాస్కోప్ చిత్రాలకు పైనా కిందా నల్ల పట్టీలు తప్పవు. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. స్కోప్ బొమ్మ వెడల్పు ఎత్తుకి సుమారు 2.35 రెట్లు. 94 సెంటీమీటర్ల వెడల్పున్న టీవీలో దాని ఎత్తు 40 సెంటీమీటర్లే. తెర ఎత్తు 53 కాబట్టి మిగిలిన 13 సెంటీమీటర్లూ నలుపే. అది టీవీ లోపం కాదు. ఆ పట్టీలు పోవాలని రిమోట్‌తో సాగదీస్తే మనుషులు పొడుగ్గా సాగిపోతారు, జూమ్ చేస్తే అటూ ఇటూ నిలబడ్డ నటులు తెగిపోతారు.

గూట్లో పడుతుందా?

ఈ లెక్క అసలు అక్కరకొచ్చేది వడ్రంగి షోకేసు చేసేటప్పుడు. ఒక ఇంట్లో టీవీ గూడు వెడల్పు 114 సెంటీమీటర్లు ఉందనుకుందాం. దుకాణంలో రెండు టీవీలు నచ్చాయి, 43 అంగుళాలదీ, 50 అంగుళాలదీ. ముందు పెట్టెమీద సెంటీమీటర్లు చూడాలి. 43 అంగుళాల టీవీల మీద సాధారణంగా 108 అని ఉంటుంది. నిజానికి 43 అంగుళాలంటే 109 సెంటీమీటర్ల పైనే. అంగుళాలను దగ్గరి అంకెకు సవరించి చెబుతారు కాబట్టి లెక్కకు సెంటీమీటర్లే నమ్మకం.

108ని 0.87తో హెచ్చిస్తే వెడల్పు 94, 0.49తో హెచ్చిస్తే ఎత్తు 53. ఇది తెర మాత్రమే. చుట్టూ ఉండే అంచు ఒక్కోవైపు సెంటీమీటరు వేసుకుంటే వెడల్పు 96 అవుతుంది. గూట్లో ఇరువైపులా తొమ్మిదేసి సెంటీమీటర్ల ఖాళీ. వైర్లు పెట్టడానికి చెయ్యి పడుతుంది, గాలీ ఆడుతుంది. అదే 50 అంగుళాల టీవీ అయితే పెట్టెమీద 126 ఉంటుంది. తెర వెడల్పు 110, అంచులతో 112. గూట్లోకి వెళ్తుంది కానీ పక్కన మిగిలేది ఒక్కో సెంటీమీటరే. వేలు కూడా దూరదు, వేడి బయటికి పోదు.

తిరగేసి కూడా లెక్కించొచ్చు. గూడు 114లో గాలికి 10, అంచులకు 2 తీసేస్తే 102. దాన్ని 0.87తో భాగిస్తే 117. అంతకు మించిన తెర వద్దన్నమాట. 108 సరిపోతుంది, 126 ఎక్కువవుతుంది.

బల్లమీద పెట్టేవాళ్లు మరొకటి చూసుకోవాలి. చాలా టీవీలకు కాళ్లు రెండు చివర్లకూ ఉంటాయి. గూడు ఎంత పెద్దదైనా, బల్ల ఆ కాళ్ల మధ్య దూరం కన్నా పొట్టిదైతే టీవీ నిలవదు. కాళ్లతో కలిపిన ఎత్తూ, కాళ్ల మధ్య దూరమూ తెర సైజుని బట్టి తేలవు. వాటిని కంపెనీ ఇచ్చే కొలతల పట్టీలోనే చూడాలి.

కొనేముందు ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. పాత వార్తాపత్రికలు రెండు మూడు అతికించి, లెక్కలో వచ్చిన వెడల్పు, ఎత్తులకు కత్తిరించి గోడమీద అంటించండి. మంచం మీదా, కుర్చీలోనూ కూర్చుని చూడండి. టీవీ పెద్దదో చిన్నదో ఆ కాగితమే చెబుతుంది.