ఆ 6000 సైకిల్స్ ఏ లెక్కన?

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌ డేటాషీట్‌లో ‘సైకిల్ లైఫ్: 6000’ అని ఒక గడి కనిపిస్తుంది. సెల్‌ను ఒకసారి నింపి ఒకసారి ఖాళీ చేస్తే అది ఒక సైకిల్. పరీక్ష ఎలా జరిగిందో చెప్పకపోతే ఆ అంకెను నమ్మి ధర మాట్లాడలేరు. అందుకే పర్చేజ్ ఆఫీసర్ ముందుగా తయారీదారుకు మెయిల్ పెడతారు. సోలార్ కరెంటును నిల్వ చేయడానికి 280 ఆంపియర్-అవర్ సెల్స్ కొనేవారి మెయిల్ ఇంచుమించు ఇలా ఉంటుంది:

“నమస్కారం. మీ కొటేషన్‌లో చెప్పిన 6000 సైకిల్స్ ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఎంత కరెంటుతో పరీక్షిస్తే వచ్చాయి? ప్రతిసారీ సెల్‌ను పూర్తిగా ఖాళీ చేశారా? సామర్థ్యం ఎంతకు పడిపోయాక లెక్క ఆపారు? ఎన్ని సెల్స్ పరీక్షించారు? నిజంగా 6000 దాకా నడిచినవి ఎన్ని? సెల్‌ను ప్లేట్ల మధ్య బిగించారా? దయచేసి రిపోర్టు పంపగలరు.”

వీటిలో అసలు కీలకం లెక్క ఎక్కడ ఆపారన్నదే. ఒక సెల్ ప్రతి సైకిల్‌కూ 0.005 శాతం సామర్థ్యం కోల్పోతుందనుకుందాం. 80 శాతం, అంటే 224 ఆంపియర్-అవర్, మిగిలినప్పుడు ఆపితే దాని ఆయుష్షు 4000 సైకిల్స్. 70 శాతం దాకా, అంటే 196కు దిగేదాకా లెక్కిస్తే 6000. సెల్ మారలేదు, గీత గీసిన చోటు మారిందంతే. రోజుకో సైకిల్ చొప్పున వాడే కొనుగోలుదారుకు మాత్రం అది 11 ఏళ్లకూ 16 ఏళ్లకూ ఉన్న తేడా.

‘నిజంగా నడిచినవి ఎన్ని’ అన్న ప్రశ్న మొహమాటం లేనిదే గానీ, దాని వెనక చిన్న కూడిక ఉంది. 140 ఆంపియర్ల కరెంటుతో ఈ సెల్ నిండటానికి రెండు గంటలు, ఖాళీ కావడానికి రెండు గంటలు పడుతుంది. మధ్యలో విరామమే లేకున్నా రోజుకు ఆరు సైకిల్స్ మించవు. 6000 పూర్తవ్వాలంటే 1000 రోజులు కావాలి. మోడల్ మార్కెట్లోకి వచ్చి ఏడాదే అయి ఉంటే, మిగతాది గ్రాఫ్‌లో గీతను పొడిగించి చెప్పిన అంచనా కావచ్చు. అంచనా వేయడం తప్పు కాదు. కానీ సామర్థ్యం ఒక దశ దాటాక ఉన్నట్టుండి వేగంగా పడిపోవచ్చు, ఆ మలుపు పొడిగించిన గీతలో కనబడదు. పైగా వాడకపోయినా వయసుతో జరిగే నష్టం పదహారేళ్లలో ఎంతో, మూడేళ్ల పరీక్షలో పూర్తిగా తేలదు.

ఉష్ణోగ్రత విషయం తెలుగువారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. పరీక్ష సాధారణంగా 25 డిగ్రీల గదిలో జరుగుతుంది. రామగుండం ఎండలో ఏసీ సరిగా పనిచేయని కంటైనర్ వేరు. వేడికి సెల్ లోపలి రసాయన చర్యలు వేగం పుంజుకుని లిథియాన్ని తినేస్తాయి. బిగింపు సంగతీ అంతే. నిండేటప్పుడు, ఖాళీ అయ్యేటప్పుడు సెల్ ఉబ్బి తగ్గుతుంటుంది కాబట్టి ల్యాబ్‌లో దాన్ని ప్లేట్ల మధ్య నిర్ణీత బలంతో పట్టి ఉంచుతారు. బ్యాటరీ ప్యాక్‌లో ఆ ఏర్పాటు లేకుంటే ల్యాబ్ ఫలితాన్ని ఆశించలేరు.

తిరుగు మెయిల్‌లో ‘ప్రామాణిక పరిస్థితుల్లో పరీక్షించాం’ అన్న ఒక్క వాక్యమే వస్తే జవాబు రానట్టే. పనికొచ్చే జవాబుతో గ్రాఫ్ వస్తుంది. అందులో కొలిచిన చుక్కలు ఏ సైకిల్ దగ్గర ఆగాయో, చుక్కల గీత ఎక్కడ మొదలైందో విడివిడిగా కనిపిస్తాయి. ఆ కొలిచిన భాగాన్నీ, ఆపిన శాతాన్నీ, ఉష్ణోగ్రతనూ ఆఫీసర్ వారంటీ షరతుల్లో రాయిస్తారు.