బ్యాంకులో కోత పడింది, బ్రోకర్ ఖాతాలో సొమ్ము చేరలేదు

షేర్లు కొనడానికి బ్రోకర్ యాప్‌లో ‘ఫండ్స్ జత చేయండి’ నొక్కి యూపీఐతో చెల్లించిన సొమ్ము నేరుగా బ్రోకర్ దగ్గరికి పోదు. యాప్ ముందుగా పేమెంట్ గేట్‌వేలో ఒక ఆర్డర్ తెరుస్తుంది. మదుపరి పిన్ కొట్టగానే ఆయన బ్యాంకు ఖాతాలో కోత పడుతుంది. తర్వాత యూపీఐ వ్యవస్థ ద్వారా డబ్బు పుచ్చుకునే వైపు బ్యాంకులో జమ అవుతుంది. జమ అయిందన్న కబురు గేట్‌వే నుంచి బ్రోకర్ సర్వర్‌కు అందాలి. ఆ కబురు చూసి బ్రోకర్ తన లెడ్జర్‌లో పద్దు రాసుకున్నాకే సొమ్ము ‘అందుబాటులో ఉన్న నిధులు’ కింద కనబడుతుంది. మామూలుగా ఇదంతా సెకన్లలో అయిపోతుంది గనుక ఇన్ని మజిలీలున్నాయని ఎవరికీ తోచదు.

బ్యాంకు నుంచి వచ్చే ఎస్సెమ్మెస్ మొదటి మజిలీకి మాత్రమే సాక్ష్యం. ఖాతాలోంచి డబ్బు పోయిందని చెబుతుందే తప్ప ఎక్కడికి చేరిందో చెప్పదు. అది తెలియాలంటే యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి చూడాలి. అక్కడ 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది. ఆ చెల్లింపు జాడ తీయడానికి బ్యాంకుకైనా గేట్‌వేకైనా బ్రోకర్‌కైనా పనికొచ్చేది ఆ నంబరే.

ఒక ఉదాహరణ చూద్దాం. వరంగల్‌లో ఉండే మదుపరి ఒకరు ఉదయం 9:18కి రూ.20,000 పంపారనుకుందాం. కోత పడినట్టు ఎస్సెమ్మెస్ వచ్చింది, బ్రోకర్ యాప్‌లో మాత్రం పైసా కనబడలేదు. యూపీఐ యాప్‌లో ‘పెండింగ్’ అని ఉంటే సొమ్ము రెండు బ్యాంకుల మధ్య తేలని స్థితిలో ఉన్నట్టు. అది తర్వాత జమ కావచ్చు, లేదా వెనక్కి రావచ్చు. ‘సక్సెస్’ అని ఉంటే అవతలి బ్యాంకుకు డబ్బు ముట్టినట్టే, బ్రోకర్‌కు కబురు అందడంలోనే ఆలస్యం జరిగిందన్నమాట. గేట్‌వేను మళ్లీ ఆరా తీసినప్పుడో, చెల్లింపుల జాబితాను తన పద్దులతో సరిపోల్చుకున్నప్పుడో బ్రోకర్‌కు ఆ సొమ్ము దొరుకుతుంది.

ఈ సమయంలోనే చాలామంది చేయకూడని పని చేస్తారు. మార్కెట్ తెరిచారన్న తొందరలో అదే మొత్తాన్ని రెండోసారి పంపుతారు. అప్పుడు రెండూ జమ కావచ్చు, లేదా రెండు చెల్లింపులూ ఒకే సమయంలో ఇరుక్కుపోవచ్చు. అత్యవసరమైతే ముందుగా మొదటి చెల్లింపు స్థితి చూసుకుని, బ్రోకర్ చూపించే ఖాతా నంబరుకు ఐఎంపీఎస్‌తో పంపడం మేలు. అదైనా సొంత ఖాతా నుంచే పంపాలి.

సొంత ఖాతా అన్న మాటకు ఇక్కడ చాలా విలువ ఉంది. ట్రేడింగ్ ఖాతాకు నమోదైన బ్యాంకు ఖాతా నుంచి వచ్చిన డబ్బునే బ్రోకర్ తీసుకోవాలి, ఇతరుల సొమ్ము తీసుకోకూడదు. భార్య ఫోన్‌లోంచో, నమోదు చేయని రెండో బ్యాంకు ఖాతాలోంచో పంపితే, బ్యాంకులో అన్నీ సవ్యంగా జరిగినా బ్రోకర్ దాన్ని లెడ్జర్‌కు ఎక్కించడు. వచ్చిన ఖాతాకే తిప్పి పంపిస్తాడు. ‘సక్సెస్’ అని చూపించి, ఎంతకీ జమ కాకపోతే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

కొన్నిసార్లు సొమ్ము జమ అయ్యే ఉంటుంది, అంకె మాత్రం వేరుగా కనిపిస్తుంది. వరంగల్ మదుపరి డీమ్యాట్ వార్షిక రుసుము రూ.300, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.54 కలిపి రూ.354 బాకీ ఉన్నారనుకుందాం. రూ.20,000 చేరాక కనిపించేది రూ.19,646. దీనికి తోడు పెండింగ్‌లో ఉన్న కొనుగోలు ఆర్డర్‌కు బ్లాక్ అయిన మొత్తం కూడా తగ్గుతుంది. అందువల్ల మొదటి పేజీలోని అంకెతో సరిపెట్టుకోకుండా లెడ్జర్ స్టేట్‌మెంట్‌లో జమ పద్దు ఉందో లేదో చూడాలి.

కోత పడినా వ్యాపారి వైపు నిర్ధారణ అందని యూపీఐ చెల్లింపులకు రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో గడువు పెట్టింది. లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా సొమ్ము దానంతటదే వెనక్కి రావాలి. అవి క్యాలెండర్ రోజులు, సెలవులూ లెక్కలోకి వస్తాయి. గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం, అదీ ఖాతాదారు అడగకుండానే ఇవ్వాలి.

సొమ్ము బ్యాంకుల మధ్య ఆగితే ఫిర్యాదు యూపీఐ యాప్‌లో గానీ సొంత బ్యాంకులో గానీ చేయాలి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అవతలి బ్యాంకుకు చేరాక ఆగితే, రిఫరెన్స్ నంబరు, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేసి బ్రోకర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. అక్కడ పరిష్కారం దొరక్కపోతే సెబీ వారి స్కోర్స్ పోర్టల్ ఉంది. బ్రోకర్ సొమ్మును లెడ్జర్‌కు ఎక్కించాక మాత్రం బ్యాంకులో పెట్టిన ఫిర్యాదును వెంటనే ఉపసంహరించుకోవాలి. లేకపోతే బ్యాంకు అదే మొత్తాన్ని వెనక్కి రప్పించవచ్చు, ఈలోగా ఆ డబ్బుతో షేర్లు కొని ఉంటే లెడ్జర్‌లో అంత మేర బాకీ తేలుతుంది.