ముందు చూపించండి, తర్వాత చెరిపేయండి

గుంటూరు బ్రాడీపేటలోనో, అరండల్ పేటలోనో ఒక బట్టల దుకాణం అనుకుందాం. మన కాలేజీ విద్యార్థి ఒకడు 2025 జనవరిలో, సంక్రాంతికి, తండ్రిని వెంటబెట్టుకొని వెళ్ళి ప్యాంటు గుడ్డ కొన్నాడు. కౌంటరు దగ్గర కుర్రవాడు తల ఎత్తకుండానే, "బాబాయ్ గారూ, ఫోన్ నెంబరు చెప్పండి" అన్నాడు. నెంబరు చెప్పారు. "పుట్టినరోజు చెబితే ఆ రోజున డిస్కౌంటు కూపను వస్తుందండీ" అన్నాడు. అదీ చెప్పారు. బిల్లు కట్టేసి బయటపడ్డారు.

నాలుగు నెలలు గడిచేసరికి బంగారం మీద అప్పిస్తామనీ, అమరావతి దగ్గర ప్లాటు ఉందనీ ఫోన్లు మొదలయినాయి. పిలిచేవాడు పేరు పెట్టి మరీ పిలుస్తున్నాడు. ఈ పేరూ నెంబరూ ఎవరి చేతి మీదుగా ఎవరికి చేరాయి? దుకాణానికి వెళ్ళి పోట్లాడితే, "మాకేం తెలుసండీ" అంటారు. అలా కాక ఒక ఉత్తరం రాస్తే? ఆ ఉత్తరంలో ఏముండాలి, అందుకున్నవాడు ఏం చెయ్యాలి, అది ఎంతవరకు పనిచేస్తుంది అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న విషయం.

ఇటువంటి ఉత్తరంలో రెండు కోరికలుంటాయి. మొదటిది, నా గురించి మీ దగ్గర ఏమేమి ఉన్నదో చూపించండి అని. రెండవది, దాన్ని చెరిపివేయండి అని. చాలామంది కోపంలో రెండవదానితోనే మొదలుపెడతారు. అక్కడే దెబ్బ తింటారు. ముందే చెరపమంటే దుకాణంవాడు తన కంప్యూటరులో ఒక వరుస తీసేసి, "చెరిపేశాం, ఇప్పుడు మా దగ్గర ఏమీ లేదు" అని జవాబు రాస్తాడు. ఎవరెవరికి ఇచ్చాడో తెలిపే దాఖలా కూడా ఆ వరుసతోపాటే పోతుంది. ఇక అడగడానికి ఏముంది? కనుక ముందు చూపించమనాలి, ఆ జవాబు చేతికి వచ్చిన తర్వాతనే చెరపమనాలి.

ఈ వరుస విలువ ఏమిటో ఒక న్యాయశాస్త్ర విద్యార్థి లోకానికి చూపించాడు. ఆస్ట్రియా దేశపు మాక్స్ ష్రెమ్స్ 2011లో ఫేస్ బుక్ కంపెనీని తన వివరాలన్నీ ఇవ్వమని అడిగాడు. ఐరోపా చట్టం ప్రకారం ఇవ్వక తప్పలేదు. వచ్చిన జాబితా 1,222 పేజీలు! అంతకన్నా విశేషం, తాను ఎప్పుడో చెరిపేశాననుకున్న సందేశాలు కూడా అందులో ఉన్నాయి. ముందు చూపించమని అడగకపోతే, చెరపడం చెరపడం కాదన్న సంగతి బయటపడేదే కాదు.

మన తెలుగునాట కూడా ఇటువంటి కోరిక ఒకటి కోర్టుదాకా వెళ్ళింది. అయితే అది కంపెనీకి కాదు, పోలీసులకు. 2021లో హైదరాబాదులో రోడ్డు మీద పోలీసులు తన ఫోటో తీసుకున్నారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ నగర పోలీసు కమిషనరుకు నోటీసు పంపి, ఆ ఫోటో చెరిపేయమన్నారు. జవాబు రాకపోవడంతో తెలంగాణ హైకోర్టుకు వెళ్ళారు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ప్రభుత్వం చేతిలోని సమాచారానికి దారి వేరు, మినహాయింపులు ఎక్కువ. దుకాణం సంగతి అంతకన్నా సులువు.

మన దేశంలో దీనికి ఆధారం డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023. అందులో 11వ సెక్షను చూపించమనే హక్కు, 12వ సెక్షను సరిచేయమనే, చెరపమనే హక్కు. నియమాలు 2025 నవంబరులో వెలువడినాయి. ఈ రెండు సెక్షన్లూ అమలులోకి రావడానికి ఆ నోటిఫికేషన్ పద్దెనిమిది నెలల గడువు పెట్టింది, అంటే 2027 మే నెల. అప్పటిదాకా 2011 నాటి ఐ.టి. నియమాలే ఆధారం. వాటి ప్రకారం మనం ఇచ్చిన వివరాలు మనం చూసుకోవచ్చు, తప్పుంటే దిద్దించుకోవచ్చు, ఇచ్చిన సమ్మతిని రాతమూలకంగా వెనక్కి తీసుకోవచ్చు. ఫిర్యాదుల అధికారి నెల రోజుల్లో పరిష్కరించాలి. కొత్త నియమాలలో ఫిర్యాదుకు గరిష్ఠ గడువు తొంభై రోజులు.

ఇక ఉత్తరం. ఇది చాలు:

"అయ్యా, ఈ ఉత్తరం చివర రాసిన ఫోన్ నెంబరు మీద నేను మీ దుకాణంలో 2025 జనవరిలో సరుకు కొన్నాను. నా గురించి మీ వద్దనున్న వివరాల సారాంశము, వాటిని ఏ పనికి వాడుతున్నారో, ఎవరెవరికి ఏ ఏ వివరాలు ఇచ్చారో వారి పేర్లతో సహా తెలియజేయగలరు. ప్రచార సందేశాలకు నేను ఇచ్చిన సమ్మతిని ఈ ఉత్తరంతో ఉపసంహరించుకుంటున్నాను. మీ జవాబు అందిన పిదప చెరిపివేత గురించి వేరుగా రాస్తాను. అంతవరకు ఏ వివరమునూ తొలగించవద్దని మనవి. నా గుర్తింపు కొరకు ఇదే నెంబరుకు ఒక కోడ్ పంపి సరిచూసుకోవచ్చును."

చివరి వాక్యం ఊరికే పెట్టింది కాదు. ఈ హక్కుకు ఒక ఎదురుదెబ్బ ఉన్నది. మీ పేరుతో వేరొకడు ఉత్తరం రాస్తే? 2019లో ఆక్స్ ఫర్డ్ పరిశోధక విద్యార్థి జేమ్స్ పావుర్ తనకు కాబోయే భార్య అనుమతితో, ఆమె పేరున సుమారు 150 కంపెనీలకు ఉత్తరాలు పంపాడు. ఆమె వివరాలున్న కంపెనీలలో దాదాపు నాలుగోవంతు సరయిన తనిఖీ లేకుండానే ఆమె సమాచారం అతని చేతిలో పెట్టాయి! రక్షణ కోసం పెట్టిన తలుపే దొంగకు దారి అయింది. అందుకని దుకాణం తనిఖీ చేయడం న్యాయమే. కానీ నెంబరు ఒక్కటే తీసుకున్న దుకాణం తనిఖీ పేరుతో ఆధార్ జిరాక్సు అడిగితే ఒప్పుకోనక్కరలేదు. చెరపమని వెళ్ళినవాడి దగ్గర ఇంకో కాగితం గుంజుకోవడం అవుతుంది అది. ఉన్న నెంబరుకే కోడ్ పంపితే సరిపోతుంది.

ఇప్పుడు దుకాణంవైపు నుంచి చూద్దాం. నిజాయితీగా వెదకాలంటే గుమాస్తా ఎన్నిచోట్ల చూడాలి? బిల్లింగు సాఫ్ట్ వేరులో పేరు, నెంబరు, కొన్న సరుకు ఉంటాయి. కూపన్ల జాబితాలో పుట్టినరోజు ఉంటుంది. మెసేజీలు పంపే ఏజెన్సీకి ఇచ్చిన ఫైలు ఒకటి. దీపావళి ప్రచారానికి ఎవరో తన ల్యాప్ టాప్ లోకి దింపుకొని మరిచిపోయిన ఎక్సెల్ షీటు ఒకటి. రాత్రిపూట తీసే బ్యాకప్ ఒకటి. బిల్లింగులో మాత్రమే చూసి, "మీ పేరు, నెంబరు మా దగ్గర ఉన్నాయి, ఇంకేమీ లేవు" అని రాస్తే అది అసంపూర్ణమయిన జవాబు. పట్టుకోవడం కష్టం కాదు. పుట్టినరోజు కూపను వచ్చినవాడికి జవాబులో పుట్టినరోజు లేకపోతే, వెదకలేదన్నమాటే.

జవాబులో అన్నిటికన్నా ముఖ్యం "ఎవరికి ఇచ్చారు" అన్న భాగం. ఎందుకంటే 11వ సెక్షను హక్కు, మనం సమ్మతి ఇచ్చినవాడి మీదే నడుస్తుంది. ప్లాటు అమ్మేవాడికి మనం సమ్మతి ఇవ్వలేదు, వాడి పేరూ మనకు తెలియదు. దుకాణం జవాబులో మెసేజీ ఏజెన్సీ పేరు వస్తే, దారం కొస దొరికినట్టు. అక్కడి నుంచి లాగవచ్చు.

తర్వాత రెండవ ఉత్తరం, చెరిపివేత. ఇక్కడ దుకాణంవాడు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: "జి.ఎస్.టి. లెక్కలండీ, తియ్యడానికి లేదు." ఇందులో సగం నిజం. లెక్కలు ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. మన విద్యార్థి 2025 జనవరిలో కొన్నాడు కనుక అది 2024–25 సంవత్సరపు లెక్క. దాని రిటర్ను గడువు 2025 డిసెంబరు 31. అక్కడి నుంచి ఆరేళ్ళు, అంటే 2031 డిసెంబరు 31 దాకా ఆ బిల్లు ఉండాల్సిందే. చట్టం కోరితే ఉంచవలసిన దాన్ని చెరపమనడానికి 12వ సెక్షను కూడా ఒప్పుకోదు.

అయితే ఉండవలసింది బిల్లు. జి.ఎస్.టి. నమోదు లేని మామూలు కొనుగోలుదారు యాభైవేల లోపు కొంటే బిల్లు మీద అతని పేరు, చిరునామా ఉండాలన్న నిబంధన లేదు. ప్యాంటు గుడ్డ ధర యాభైవేలు కాదుగదా! కనుక బిల్లు నెంబరు, తేదీ, ధర, పన్ను అలాగే ఉంచి, దానికి తగిలించిన ఫోన్ నెంబరును, పుట్టినరోజును విడదీసి చెరపవచ్చు. "లెక్క ఉండనివ్వండి, నన్ను తీసేయండి" అని అడగాలి. ఈ తేడా తెలియకనే చాలామంది మొదటి జవాబు దగ్గర ఆగిపోతారు. కొత్త నియమాల ప్రకారం వివరాలను, లాగులను కనీసం ఏడాదిపాటు ఉంచవలసిన నిబంధన కూడా ఉంది. కనుక ఆ గడువు చెప్పి ఎప్పుడు చెరుపుతారో తేదీ రాయమనడం సమంజసం.

చెరిపిన తర్వాత వచ్చే చిక్కు మరొకటి. మరిచిపోయిన ఎక్సెల్ షీటునో, బ్యాకప్పునో మళ్ళీ ఎక్కించినప్పుడు పోయిన పేరు తిరిగి లేస్తుంది. అందుకని తెలిసిన సంస్థలు "వీరికి పంపకూడదు" అనే చిన్న జాబితా ఒకటి ఉంచుకుంటాయి. మనిషిని మరిచిపోయామని గుర్తుంచుకోవడానికే ఆ నెంబరు ఆనవాలును దాచుకోవలసి రావడం విచిత్రమే. దుకాణం ఆ మాట దాచకుండా చెబితే అనుమానించనక్కరలేదు. "మీ ఖాతా నిలిపివేశాం" అని రాస్తే మాత్రం అనుమానించాలి. నిలిపివేయడం అంటే తాళం వేయడం, చెరపడం కాదు. మరుసటి పుట్టినరోజుకు కూపను వస్తే ఇక సాక్ష్యం అక్కరలేదు.

దుకాణం గడువులోగా పలకకపోతే డేటా ప్రొటెక్షన్ బోర్డుకు ఫిర్యాదు చేసుకోవచ్చు. కానీ ముందు దుకాణానికే ఫిర్యాదు చేసి ఉండాలి. కనుక మొదటి ఉత్తరం పంపిన తేదీకి రసీదు దాచుకోవాలి. బోర్డు జరిమానా వేస్తే ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకు పోతుంది, మనకు పైసా రాదు. పైగా తప్పుడు ఫిర్యాదు చేస్తే మనమీదనే పదివేల దాకా జరిమానా పడవచ్చు.

చివరిగా, మన ఊరి సంగతి. మిర్చియార్డులో కమీషను వ్యాపారి చేతిరాత చిట్టాలో రైతు పేరు, ఊరు, తిక్కీల లెక్క, తీసుకున్న బాకీ అన్నీ ఉంటాయి. ఈ చట్టం డిజిటల్ సమాచారానికి మాత్రమే కనుక ఆ పుస్తకానికి వర్తించదు. అదే చిట్టాను గుమాస్తా ఒక సాయంత్రం కూర్చుని కంప్యూటరులోకి ఎక్కించాడా, ఆ క్షణం నుంచి వర్తిస్తుంది. పుస్తకంలో ఉన్నంతకాలం ఆ బాకీ సంగతి వ్యాపారి గదిలోనే ఉండేది, ఫైలు అయిన తర్వాత ఒక్క వేలి నొక్కుతో ఎక్కడికయినా పోతుంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఈ ఉత్తరం రాసిపెట్టవలసిన అవసరం బట్టల దుకాణం కన్నా ముందు అక్కడే రావచ్చు.