ఎంత ముక్కినా మోషన్ రావట్లేదా? కావాల్సింది మందు కాదు.. కండరానికి ట్రైనింగ్ కావొచ్చు!

పొద్దున్నే బాత్రూంలోకి వెళ్తే అరగంట దాకా బయటకు రారు. వచ్చాక కూడా ఇంకా ఏదో మిగిలిపోయిందన్న ఫీలింగే. ఇసబ్‌గోల్ తాగారు, అరటిపండ్లు తిన్నారు, రాత్రిపూట విరేచనం మాత్రలూ వేసుకున్నారు. మలం మెత్తబడింది కానీ బయటకు రావడం మాత్రం కష్టంగానే ఉంది. ఇలాంటి వాళ్లలో కొందరికి అసలు సమస్య పేగుల్లో కాదు, మలద్వారం చుట్టూ ఉండే కండరాల్లో ఉంటుంది. డాక్టర్లు దీన్ని డిస్‌సినర్జిక్ డెఫికేషన్ అంటారు.

అసలేం జరుగుతుందంటే..

కటి కింది భాగంలో ప్యూబోరెక్టాలిస్ అనే కండరం ఉంటుంది. ఇది పేగు చివరి భాగాన్ని వెనక నుంచి పట్టీలా చుట్టి ముందుకు లాగి పట్టుకుంటుంది. నీళ్ల పైపును మడిచి పట్టుకుంటే నీళ్లు ఆగినట్టు, ఆ వంపు వల్లే మలం లోపల ఆగుతుంది. మోషన్‌కి కూర్చున్నప్పుడు ఈ కండరం, దాంతో పాటు మలద్వారం కండరం కూడా వదులవ్వాలి. అప్పుడే వంపు కాస్త తెరుచుకుంటుంది. ఈ సమస్య ఉన్నవాళ్లలో అవి వదులవ్వవు, కొందరిలో అయితే ముక్కేకొద్దీ ఇంకా బిగుసుకుంటాయి. ఒక చేత్తో తలుపు తోస్తూ, ఇంకో చేత్తో గడియ పెట్టినట్టన్నమాట. పైగా తాము బిగిస్తున్న సంగతి వాళ్లకే తెలియదు.

ఉదాహరణకు 34 ఏళ్ల స్కూల్ టీచర్‌ ఒకరున్నారనుకుందాం. స్కూల్లో బాత్రూం బాగోక ఏళ్ల తరబడి ఆపుకునే అలవాటు. కాన్పు తర్వాత ఫిషర్ వచ్చింది. నొప్పి భయంతో బిగబట్టడం మొదలైంది. పుండు మానిపోయింది కానీ బిగబట్టే అలవాటు మాత్రం పోలేదు. అందరికీ ఇలా కారణం దొరుకుతుందని కాదు. చాలామందిలో ఎప్పుడు మొదలైందో కూడా చెప్పలేరు.

ఎలా కనిపెడతారు?

డాక్టర్ గ్లౌజ్ వేసుకుని వేలితో పరీక్షిస్తూ, మోషన్‌కి వెళ్లేటప్పుడు ముక్కినట్టే ముక్కమంటారు. కండరం వదులవ్వాల్సింది పోయి వేలిని బిగించి పట్టుకుంటే అనుమానం బలపడుతుంది. సిగ్గుతో చాలామంది ఈ పరీక్షకే ఒప్పుకోరు. అక్కడే ఏళ్లు గడిచిపోతాయి. తర్వాత 50 మిల్లీలీటర్ల నీళ్లు నింపిన చిన్న బెలూన్‌ను లోపల పెట్టి, బయటకు పంపమంటారు. మామూలుగా అది నిమిషంలోపే వచ్చేయాలి. మన టీచరమ్మకు మూడు నిమిషాలైనా రాలేదు. మానోమెట్రీలో సన్నటి ట్యూబ్‌తో లోపలి ఒత్తిడి కొలిస్తే, ముక్కినప్పుడు తగ్గాల్సిన మలద్వారం ఒత్తిడి పెరుగుతోందని తేలింది.

స్క్రీన్ మీద చూస్తూ నేర్చుకోవడం

బయోఫీడ్‌బ్యాక్‌లో ఆపరేషన్ ఉండదు, మత్తు ఇవ్వరు. సెన్సర్లున్న ట్యూబ్‌ను లోపల ఉంచి, పేషెంట్‌ను స్క్రీన్ ముందు కూర్చోబెడతారు. ఒక గీత పేగు లోపలి తోపును, ఇంకో గీత మలద్వారం బిగువును చూపిస్తుంది. మొదటిది పైకి వెళ్లాలి, రెండోది కిందికి దిగాలి.

ముందు ఊపిరి సంగతి నేర్పిస్తారు. ఊపిరి బిగబట్టి, మొహం ఎర్రబడేలా ముక్కితే కింది కండరం కూడా బిగుస్తుంది. పాదాల కింద చిన్న పీట పెట్టుకుని, కాస్త ముందుకు వంగి, పొట్ట నిండా గాలి పీల్చి నెమ్మదిగా కిందికి తోయాలి. మొదటి సెషన్‌లో టీచరమ్మకు రెండు గీతలూ పైకే వెళ్లాయి. రెండో సెషన్‌లో ఒక్కసారి కింది గీత దిగింది. 'ఇదా వదలడం అంటే' అని అప్పుడే ఆమెకు తెలిసింది. ఆ తర్వాత బెలూన్‌తో ప్రాక్టీస్, ఇంటి దగ్గర రోజూ అదే సాధన. సాధారణంగా ఇలాంటివి నాలుగు నుంచి ఆరు సెషన్లు ఉంటాయి. ఐదో సెషన్‌కి ఆమె బెలూన్‌ను నిమిషంలోపే పంపగలిగారు.

2006లో ఇటలీ డాక్టర్లు ప్రచురించిన అధ్యయనంలో ఐదు సెషన్ల బయోఫీడ్‌బ్యాక్ తీసుకున్నవారిలో ఆరు నెలలకు 80 శాతం మందికి బాగా మేలు కనిపించింది. విరేచనం పౌడర్ వాడినవారిలో అది 22 శాతమే.

అందరికీ పనిచేయదు

పేగు కదలికే నెమ్మదిగా ఉండి మలబద్ధకం వచ్చేవాళ్లకు దీంతో పెద్దగా ఉపయోగం ఉండదు. అందుకే ముందు పరీక్షలు తప్పనిసరి. ఇంట్లో సాధన మానేసినా ఫలితం తగ్గుతుంది. ఇంకో పొరపాటు.. కటి కండరాలనగానే యూట్యూబ్ చూసి కెగెల్ వ్యాయామాలు మొదలుపెట్టేస్తారు. అవి బిగించడం నేర్పేవి. ఇక్కడ నేర్చుకోవాల్సింది వదలడం.

మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, 50 దాటాక కొత్తగా మలబద్ధకం మొదలైనా ఇవన్నీ పక్కన పెట్టి, ముందు గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్‌ను కలిసి కొలనోస్కోపీ అవసరమేమో అడగాలి.