మంత్రానికి మూల్యం ఉండాలి

చనిపోయినవాణ్ని బతికించే మంత్రం ఉన్న కథలో ఉత్కంఠ ఎలా నిలుస్తుంది? మహాభారతం ఆదిపర్వంలోని కచుడి కథ చూడండి.

శుక్రాచార్యుడికి మృతసంజీవని తెలుసు. అది నేర్చుకోవడానికి దేవతల వైపు నుంచి వచ్చిన కచుణ్ని రాక్షసులు చంపితే, కూతురు దేవయాని కోరగానే శుక్రుడు బతికించాడు. ఇక్కడ మంత్రం చిక్కును తీర్చేసింది. ఈసారి రాక్షసులు కచుణ్ని కాల్చి, ఆ బూడిదను మద్యంలో కలిపి శుక్రుడి చేతే తాగించారు. ఇప్పుడు శిష్యుడు బతకాలంటే గురువు పొట్ట చీలాలి. మంత్రం అదే, ఖరీదు మారింది. శుక్రుడు కడుపులోని కచుడికే విద్య నేర్పాడు. బయటికొచ్చిన కచుడు గురువును బతికించాడు. కానీ రహస్యం శత్రుపక్షానికి చేరింది. గురువు కడుపున పుట్టాడు కనుక దేవయాని అతనికి సోదరి అయింది, పెళ్లి కుదరలేదు, శాపాలు మిగిలాయి.

మాంత్రికుడు సొమ్మసిల్లి తెల్లారేసరికి కోలుకుంటే అది మూల్యం కాదు. మంత్రం వాడిన ప్రతి చోటా ఎవరు ఏం పోగొట్టుకున్నారో రాసుకోండి. తర్వాతి అధ్యాయంలో ఆ నష్టం కొత్త చిక్కు తేకపోతే, మీ మంత్రం ఇంకా ఉచితమే.