రీల్‌లో ఏ షాట్ ఎవరిది?

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. గుడివాడలో నాలుగేళ్లు ఆ పని చేసిన ఒకతను, హైదరాబాద్‌లో ప్రకటనలు, కంపెనీ వీడియోలు చేసే స్టూడియోకి రెజ్యూమె పంపుతున్నాడనుకుందాం. మామూలుగా అందులో ముందు ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ ఉంటుంది. తర్వాత పదో తరగతి మార్కులు, డజను సాఫ్ట్‌వేర్ల పేర్లు, కెమెరాల చిట్టా. షోరీల్ లింకు మాత్రం రెండో పేజీ చివర, తండ్రి పేరు దగ్గర ఎక్కడో దొరుకుతుంది. చూసేవాళ్లు ముందుగా వెతికేది దాన్నే కాబట్టి అది పేరు కింద, ఫోన్ నంబరు పక్కన ఉండాలి.

రీల్ నిమిషం, మహా అయితే నిమిషంన్నర చాలు. పెళ్లి రీళ్లతో వచ్చే చిక్కు అవన్నీ ఒకేలా ఉండటం. డ్రోన్‌తో కల్యాణ మండపం, స్లో మోషన్‌లో తలంబ్రాలు, పాట దరువుకి తగ్గట్టు కట్లు. దరువు మీద కట్ చేస్తే దాదాపు ఏ దృశ్యమైనా బాగానే కనిపిస్తుంది. ఎడిటర్ ఏం చేశాడో మాత్రం తెలియదు. కంపెనీ వీడియోల వాళ్లు చూసేది వేరు. మనిషి మాట్లాడుతుంటే ఎక్కడ కోశాడు? కోసిన చోట గొంతులో అతుకు వినిపిస్తోందా? అందుకని మన కుర్రాడు రీల్‌లో ఓ ముప్ఫై సెకన్లు పెళ్లికూతురి తండ్రి మాటలకు కేటాయించాలి. ఆరు నిమిషాలు తడబడుతూ మాట్లాడిన ఆయన మాటల్ని అరనిమిషానికి కుదించి, కోసిన చోట్ల అప్పగింతల దృశ్యాలు కప్పితే, అదే అతని అసలు పనితనం. వాళ్ల ఇంటివాళ్ల అనుమతి ముందే తీసుకోవాలి. నేపథ్యంలో సినిమా పాట వద్దు. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టినా కాపీరైట్ తనిఖీ తప్పదు, వీడియో ఆగిపోయే ప్రమాదం ఉంది.

రీల్ ఎంత బాగున్నా చూసేవాళ్లకు ఒక అనుమానం మిగులుతుంది. పెళ్లికి కెమెరాలు పట్టేది ముగ్గురు నలుగురు, కలర్ చేసేది ఇంకొకరు; ఇందులో నువ్వు చేసిందేది? దీనికి జవాబు రెజ్యూమెలోనే ఉండాలి. గ్రాఫిక్స్ స్టూడియోలు రీల్‌తో పాటు షాట్ల వివరం అడుగుతుంటాయి. ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది. లింకు కింద నాలుగు వరుసలు చాలు:

0:00–0:14 పెళ్లి టీజర్: ఎడిటింగ్, కలర్ నావి, కెమెరా వేరేవారిది.
0:14–0:44 తండ్రి మాటలు: ఎడిటింగ్, సౌండ్ నావి.
0:44–1:02 నగల దుకాణం ప్రకటన: కెమెరా, ఎడిటింగ్ రెండూ నావే.
1:02–1:20 సంగీత్: మూడు కెమెరాల ఫుటేజీ, సింక్, ఎడిటింగ్ నావి.

‘కెమెరా వేరేవారిది’ అని రాస్తే విలువ తగ్గుతుందని చాలామంది జంకుతారు. నాకైతే ఆ మాట రాసినవాడి మిగతా వరుసలు కూడా నమ్మాలనిపిస్తుంది. పైగా ఇలా రాస్తే ఏ రకం పనులు చేశాడో వేరే జాబితా అక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ల పేర్ల పక్కన గీతలూ చుక్కలూ గీసి ‘ఎనభై శాతం వచ్చు’ అనడంలో అర్థం లేదు. ఏం చేశావో చెప్పాలి. ‘ఎడియస్: నాలుగేళ్లు, పూర్తి నిడివి పెళ్లి వీడియోలు. ప్రీమియర్ ప్రో: ఆరు నెలలు, ప్రకటనలు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్: పేర్లు, లోగోల కదలిక వరకే.’ ఆ ‘వరకే’ ఇంటర్వ్యూలో కాపాడుతుంది.

కెమెరాల విషయానికొస్తే, ఎడిటర్ కెమెరాలు తన దగ్గరున్నాయని కాక, ఏ కెమెరాల ఫుటేజీతో పని చేశాడో రాయాలి. ఉదాహరణకు సోనీ ఏ7 త్రీ వీడియోను 8 బిట్‌లోనే రికార్డు చేస్తుంది, ఎఫ్ఎక్స్3 10 బిట్‌లోనూ ఇస్తుంది. రెండింటినీ ఎస్‌లాగ్3లో తీసి ఒకే పెళ్లిలో వాడితే, రంగులు గట్టిగా లాగినప్పుడు మొదటిదాంట్లో ఆకాశం మెట్లు మెట్లుగా విరుగుతుంది. ఆ తేడా సర్దిన అనుభవం ఉంటే ఒక్క వాక్యంలో రాయొచ్చు. ఫొటోగ్రాఫర్ అయితే సొంత కెమెరా, లెన్సులు ఏవో, అద్దెకు తెచ్చేవి ఏవో విడిగా చెప్పాలి. డ్రోన్ పేరు రాసినవాళ్లను రిమోట్ పైలట్ సర్టిఫికెట్ గురించి అడగొచ్చు. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను వ్యాపారానికి ఎగరేయాలంటే అది ఉండాలి.

పంపే ముందు పీడీఎఫ్‌లోని లింకును తన ఖాతా లేని ఇంకొకరి ఫోన్‌లో తెరిచి చూడాలి. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి `Anyone with the link` ఎంచుకోకపోతే, చూసేవాళ్లకు రీల్ బదులు అనుమతి అడిగే పేజీ కనిపిస్తుంది. యూట్యూబ్‌లో అప్పుడే ఎక్కించిన వీడియో కాసేపు మసకగానే ఉంటుంది, పూర్తి నాణ్యత వచ్చాకే లింకు పంపాలి. రీల్ మారిస్తే అక్కడ లింకూ మారుతుంది. విమియోలో మాత్రం పాత లింకు కిందే కొత్త ఫైలు పెట్టుకోవచ్చు. అయితే షాట్లు ముందువెనకలైతే రెజ్యూమెలోని సమయాలనూ మార్చాల్సిందే.